‘అంటే’నా, ‘ఉదాహరణకు’నా?

ఇంగ్లీషులో ఉన్న ఒక ఉపకార వేతనం దరఖాస్తులో ఇలాంటి వరుస ఉందనుకోండి: ‘చిరునామాకు రుజువు జతచేయాలి, e.g., రేషన్ కార్డు.’ రేషన్ కార్డు సొంతూరిలోనే ఉండిపోయిన కుటుంబం అది చదివి, ‘మనకు రాదులే’ అని ఫారం పక్కన పెట్టేయవచ్చు. అలా పెట్టనక్కరలేదు. అక్కడ రేషన్ కార్డు ఒక ఉదాహరణ మాత్రమే. కరెంటు బిల్లో, బ్యాంకు పాసుపుస్తకమో సరిపోతుందా అని అడగడానికి ఆ వరుసే అవకాశం ఇస్తోంది. అదే చోట i.e. అని ఉంటే సంగతి వేరు. అప్పుడు అడిగింది రేషన్ కార్డునే, మరొకటి కుదరదు.

ఈ రెండూ లాటిన్ మాటలకు పొట్టి రూపాలు. i.e. అంటే ‘ఇద్ ఎస్ట్’, అనగా ‘అది ఏమిటంటే’. e.g. అంటే ‘ఎగ్జెంప్లి గ్రాషియా’, అనగా ‘ఉదాహరణ కోసం’. ఒక్కొక్కటి రెండేసి మాటలు కాబట్టే రెండేసి చుక్కలు. బ్రిటిష్ ముద్రణలో చుక్కలు లేకుండా కూడా కనిపిస్తాయి, అర్థం మారదు. పైకి చదివేటప్పుడు లాటిన్ పలకనక్కరలేదు. మొదటిదాన్ని ‘దట్ ఈజ్’ అనీ, రెండోదాన్ని ‘ఫర్ ఎగ్జాంపుల్’ అనీ చదివితే చాలు.

ఏది రాయాలో తేల్చుకోవడానికి మన తెలుగే మంచి తూనిక. ఆ చోట ‘అనగా’ పెట్టి చదవండి. ముందున్న మాట, వెనకున్న మాట ఒకటే అయితే i.e. సరైనది. ‘వంటివి’ అని చేర్చితేనే వాక్యం నిజమయ్యేట్టుంటే e.g. రాయాలి.

యానాం పిల్లలకు బాగా తెలిసిన విషయంతోనే చూద్దాం. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో నాలుగు ప్రాంతాలున్నాయి: పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం. ‘పుదుచ్చేరికి దూరంగా ఉన్న ప్రాంతాలు, e.g., యానాం’ అంటే సరే, మాహే వంటివి ఇంకా ఉన్నాయని అర్థమవుతుంది. ఇక్కడ i.e. పెడితే యానాం ఒక్కటే దూరంగా ఉందన్నట్టు అవుతుంది, అది తప్పు. ‘గోదావరి తీరాన ఉన్న పుదుచ్చేరి ప్రాంతం, i.e., యానాం’ అంటే మాత్రం సరిగ్గా కుదురుతుంది. అలాంటిది అదొక్కటే మరి.

నాలుగింటి పేర్లూ చెప్పాలంటే viz. వస్తుంది. ‘పుదుచ్చేరిలో నాలుగు ప్రాంతాలున్నాయి, viz.,’ అని రాసి నాలుగూ వరుసగా ఇవ్వాలి. మన పాత పుస్తకాల్లో ‘అవి ఏవనగా’ అని ఉండేది ఇదే. దీన్ని ‘నేమ్లీ’ అని చదువుతారు. ఇది ‘విడెలికెట్’ అనే లాటిన్ మాటకు కుదింపు. చివరి అక్షరం నిజానికి z కాదు. పూర్వం చేతిరాత ప్రతులు రాసేవారు మాట చివరి భాగాన్ని కుదించడానికి ఒక గుర్తు వాడేవారు. అది z లాగా ఉండటంతో అచ్చులో అలాగే స్థిరపడింది.

viz. తర్వాత జాబితా పూర్తిగా ఉండాలి. నాలుగని చెప్పి మూడే ఇస్తే లోపమే. e.g. తర్వాత జాబితా ఎప్పుడూ కొంతే. అందుకే దాని చివర మళ్లీ ‘మొదలైనవి’ అనే అర్థంలో etc. తగిలించకూడదు. ఇవి కొన్నేనని e.g. ముందే చెప్పేసింది కదా.

ఇక cf. ‘కన్ఫర్’ అనే ఒక్క మాటకు పొట్టి రూపం, అందుకే చివర ఒకటే చుక్క. అర్థం ‘పోల్చి చూడండి’. నిఘంటువుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. తెలుగు ‘పాలు’ పక్కన cf. పెట్టి తమిళం ‘పాల్’, కన్నడం ‘హాలు’ ఇస్తే, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడమని. అప్పుడు మన ‘ప’ ఉన్నచోట కన్నడంలో ‘హ’ వచ్చిందని కంటికి కనబడుతుంది. చాలామంది ‘ఫలానా పేజీ చూడండి’ అనడానికి కూడా దీన్ని వాడేస్తారు. పోల్చడానికి ఏమీ లేనప్పుడు ‘చూడండి’ అనే మాటే రాయాలి.

N.B. అంటే ‘నోటా బెనె’, ‘బాగా గమనించండి’ అని. మన ‘గమనిక’ చేసే పనే చేస్తుంది. ప్రశ్నపత్రం పైనో, ప్రకటన అడుగునో ఉంటుంది. ఎన్ని ప్రశ్నలకు జవాబు రాయాలో, ఏ కాగితం లేకపోతే దరఖాస్తు చెల్లదో అక్కడే చెబుతారు. కాబట్టి ఫారం నింపేముందు ఆ వరుసలు చదవాలి, నింపాక కాదు.

మీరు రాసేటప్పుడు అనుమానం వస్తే పొట్టి రూపం మానేసి పూర్తి మాటే రాయండి. ‘ఫర్ ఎగ్జాంపుల్’ అని రాసినందుకు ఎవరూ మార్కులు తగ్గించరు. e.g. రాయాల్సిన చోట i.e. రాస్తే మాత్రం వాక్యం అర్థమే మారిపోతుంది.