ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

పాడేరు ఏజెన్సీలో సంచార వైద్య వాహనం నడపాలని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఏదో కంపెనీ సీఎస్ఆర్ నిధికి దరఖాస్తు పెట్టిందనుకుందాం. ఆ కాగితాలు చదివేవాళ్లు హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉంటారు. వాళ్లు ఆ ఘాట్ రోడ్డు చూసి ఉండరు, డ్రైవర్‌తో మాట్లాడి ఉండరు. పట్టికలో ‘డీజిల్: రూ. 2,20,500’ అని ఉంటుంది. పక్కన వివరణ గడిలో ‘వాహన ఇంధన ఖర్చు’ అని ఉంటుంది. పద్దు పేరునే మరో మాటలో చెప్పారు తప్ప ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పలేదు. ఎలా వచ్చిందో తెలియని అంకెను పరిశీలకులు తేలిగ్గా తగ్గించేస్తారు. వాళ్ల తప్పని కూడా అనలేం, తగ్గించకూడదనడానికి వాళ్ల చేతిలో ఏ ఆధారమూ లేదు.

అదే గడిలో ఇలా రాసి చూడండి: ‘వాహనం నెలకు 20 రోజులు తిరుగుతుంది, జులై నుంచి సెప్టెంబరు దాకా వానల వల్ల 15 రోజులే. ఏడాదికి 225 రోజులు. రోజుకు రానుపోను సగటున 90 కి.మీ., మొత్తం 20,250 కి.మీ. మైలేజీ లీటరుకు 9 కి.మీ. (నిరుటి లాగ్‌బుక్ సగటు). 2,250 లీటర్లు, లీటరు రూ. 98 (దరఖాస్తు నెలలో పాడేరు బంకు ధర).’ ఇప్పుడు ఎవరైనా క్యాలిక్యులేటర్ తీసి అదే మొత్తానికి రాగలరు. వానాకాలం సంగతి రాశారు కాబట్టి ఆ ఊళ్లు తెలిసినవాళ్లే లెక్క వేశారని కూడా నమ్మకం కలుగుతుంది.

లెక్క అక్కడితో ఆపకూడదు. ఇందులో ఏ అంచనా తప్పితే ఎంత తేడా వస్తుందో కూడా చెప్పాలి. డీజిల్ లీటరుకు 10 రూపాయలు పెరిగితే అదనపు భారం 22,500. మైలేజీ 9 నుంచి 8కి పడిపోతే సుమారు 27,500. అంటే అందరూ భయపడే ధర పెరుగుదల కంటే బండి పాతబడటమే ఇక్కడ పెద్ద గండం. ఆ ఒక్క వాక్యం నోట్‌లో ఉంటే, మరమ్మతుల పద్దు కాస్త ఎక్కువగా ఎందుకుందో పరిశీలకులకు విడిగా చెప్పనక్కర్లేదు. అయితే ప్రతి పద్దుకూ ఇంత రాయనక్కర్లేదు. స్టేషనరీకి ఒక్క ముక్క చాలు; మొత్తంలో పెద్ద వాటా తినే నాలుగైదు పద్దులకే ఈ శ్రమ.

జీతాల పద్దులో చిక్కు వేరు. ‘నర్సు జీతం రూ. 18,000’ అంటే అందులో సంస్థ కట్టే పీఎఫ్, ఈఎస్ఐ వాటాలు కలిశాయా, లేదా? పీఎఫ్ 15,000 మీద 12 శాతం కట్టే సంస్థ అయితే నెలకు 1,800, ఈఎస్ఐ 3.25 శాతం చొప్పున 585. పీఎఫ్ పాలనా చార్జీలు పక్కన పెట్టినా నర్సు మీద నెలకు అయ్యేది 20,385. నియామకానికి రెండు నెలలు పడుతుందనుకుంటే పది నెలలకే లెక్క వేయాలి, పదే ఎందుకో రాయాలి. రాయకపోతే చదివేవాళ్లకు అది కూడికలో తప్పులా కనిపిస్తుంది. అకౌంటెంట్ జీతంలో 30 శాతం ఈ ప్రాజెక్టుకు వేస్తే, మిగతా 70 శాతం ఎవరు భరిస్తున్నారో కూడా చెప్పాలి. ఒకే మనిషి జీతాన్ని ముగ్గురు దాతల దగ్గర చూపి, అంతా కలిపితే 120 శాతం తేలిన బడ్జెట్ మీద అనుమానం మిగతా పద్దులన్నిటికీ పాకుతుంది.

నోట్ సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ప్రాజెక్టుతో సంబంధం లేని ఒకరికి మొత్తాలు చెరిపేసి నోట్స్ మాత్రమే ఇచ్చి, అంకెలు తెమ్మనండి. ఎక్కడ ఆగి ‘ఇది రోజుకా, నెలకా?’ అని అడుగుతారో అక్కడ ఒక అంచనా మీ మనసులోనే ఉండిపోయింది. వాళ్లకు మీరు నోటితో చెప్పిన జవాబునే కాగితం మీదికి ఎక్కించండి.

ఈ పరీక్షకు కూడా అందనిది, పట్టికలో అసలు లేని ఖర్చు. మన వాహనంలో మందుల పద్దు సున్నా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఇస్తానంది. ఆ మాట రాయకపోతే, వైద్య వాహనానికి మందులే మర్చిపోయారని అనుకుంటారు. అందుకే మందుల గడి తీసేయకుండా సున్నాతోనే ఉంచి, పక్కన మందులు ఎవరు ఇస్తారో, ఆ హామీ రాతపూర్వకంగా ఉందో లేదో, సరఫరా ఆగిన నెలలో ఏ పద్దు నుంచి ఎంతవరకు కొంటారో రాయాలి. హామీ ఇంకా నోటిమాటగానే ఉంటే, ఉన్నది ఉన్నట్టు అదే రాయాలి.