టిక్కు పడని పద్దులు

మార్చి 31న ఒక హార్డ్‌వేర్ దుకాణం పుస్తకాల్లో బ్యాంకు నిల్వ రూ.84,300. అదే రోజు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో రూ.96,064. డబ్బు ఎక్కువుందని సంబరపడకముందే రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, మొత్తం, తేదీ, చెక్కు నంబరు సరిపోయిన పద్దులకు రెండు చోట్లా టిక్కు పెట్టాలి. టిక్కు పడనివే జాబితాకెక్కుతాయి.

ఇక్కడ నాలుగు మిగిలాయి. సరుకు ఇచ్చిన వ్యాపారికి రాసిన రూ.18,500 చెక్కును ఆయన ఇంకా బ్యాంకులో వేయలేదు. దుకాణం జమకిచ్చిన రూ.7,200 చెక్కు ఇంకా క్లియర్ కాలేదు. ఇవి కేవలం ఆలస్యాలు, పుస్తకంలో దిద్దాల్సిందేమీ లేదు. స్టేట్‌మెంట్ నిల్వలోంచి మొదటిది తీసేసి, రెండోది కలిపితే రూ.84,764 వస్తుంది.

మిగతా రెండూ బ్యాంకు రాసుకున్నా దుకాణం రాసుకోనివి. బ్యాంకు జీఎస్టీతో కలిపి పట్టుకున్న రూ.236 చార్జీ ఒకటి, కొనుగోలుదారు నేరుగా ఖాతాలో వేసిన రూ.700 మరొకటి. వీటిని పుస్తకంలో ఎక్కిస్తే అక్కడా రూ.84,764 తేలుతుంది.

అయితే జాబితాను అక్కడితో వదిలేయకూడదు. మన దేశంలో మామూలుగా చెక్కు చెల్లేది 3 నెలలే. ఆ రూ.18,500 చెక్కు జూలైలోనూ జాబితాలోనే ఉంటే, దాన్ని పుస్తకంలో రద్దుచేసి ఆ వ్యాపారికి బాకీగా మళ్లీ చూపించాలి.