పెద్దమ్మ మాట పెద్దమ్మ మాటలానే

వాయిస్ నోట్‌ను ఫోను అక్షరాల్లోకి దించినప్పుడు చాలాసార్లు కామా ఉండదు, ఫుల్‌స్టాప్ ఉండదు. మనిషి ఆగిన చోటు, వెనక్కి తిరిగి సరిదిద్దుకున్న చోటు, నవ్విన చోటు అన్నీ ఒకే వరసలో కలిసిపోతాయి. దాన్ని నలుగురికీ పంపే సందేశంగా మార్చడం ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. కోనసీమలో ఉన్న పెద్దమ్మ హైదరాబాద్‌లో ఉన్న కొడుకు వరస కుర్రాడికి పంపిన నోట్ ఇలా ఉందనుకోండి:

"ఒరేయ్ నాన్నా వినపడతందా అదేరా మన చిన్నోడి గృహప్రవేశం బుధవారం అనుకున్నాం కదా బుధవారం కాదురా గురువారం పెట్టారు పంతులుగారు తెల్లవారుజామున నాలుగున్నరకి అంత పొద్దున్నే ఎక్కణ్ణుంచి పరిగెత్తుకొస్తారు బుధవారం రాత్రికే వచ్చెయ్యండి ఆ ఉండు పాలు పొంగుతున్నాయి ఆ అరటి గెలలు మావయ్య తెస్తాడంట నాకైతే నమ్మకం లేదు నువ్వు రావులపాలెంలో ఒక రెండు రెండెందుకులే ఒక్క గల చెప్పి ఉంచు అందరికీ చెప్పరా మరి పిల్లలకి స్వెట్టర్లు తెమ్మను కాలవ గట్టు కదా చలి"

ముందు చేయాల్సింది రాయడం కాదు, నోట్‌ను మళ్లీ వినడం. "ఒక్క గల" అన్నది "ఒక్క గెల" అని సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. అర్థంలేని తప్పు ఇలా కంటికి ఇట్టే దొరుకుతుంది. అర్థమున్న తప్పుతోనే ప్రమాదం. యంత్రం నాలుగున్నరను నాలుగు అని రాసినా చదవడానికి అంతా సరిగ్గానే ఉంటుంది. అందుకని వారాలు, వేళలు, లెక్కలు, పేర్లు చెవితోనే సరిచూసుకోవాలి.

మనిషి మాట మధ్యలో దిద్దుకుంటే చివరి మాటే లెక్క. రెండు గెలలు పోయి ఒక్కటి మిగులుతుంది. అయితే వారం సంగతి వేరు. బుధవారం అన్న కబురు ముందే అందరికీ చేరింది కాబట్టి "బుధవారం కాదు" అన్నది సందేశంలో ఉండి తీరాలి. లేకపోతే పాత కబురు విన్నవాళ్లు ఏది నిజమో తెలియక ఫోన్లు మొదలుపెడతారు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. గడియారానికి అర్ధరాత్రి దాటితే గురువారమే. పంచాంగానికి మాత్రం సూర్యోదయం దాకా బుధవారమే. మరి ఈ నాలుగున్నర ఏ రాత్రి తరవాతది? "బుధవారం రాత్రికే వచ్చెయ్యండి" అన్న మాటే దీనికి జవాబు. కాబట్టి పెద్దవాళ్లు శుభలేఖల్లో రాయించే పద్ధతిలో "బుధవారం తెల్లవారితే గురువారం" అని రాస్తే ఎవరూ పొరబడరు. ఆ జవాబు నోట్‌లో దొరక్కపోతే మనమే ఊహించి రాయకూడదు, ఫోన్ చేసి అడగాలి.

ఇక ఎవరికి ఏది అన్న సంగతి. పాలు పొంగడం, "వినపడతందా" అనడం నిశ్చింతగా తీసేయొచ్చు. "నాకైతే నమ్మకం లేదు" అన్నది ఆ కుర్రాడొక్కడితో చెప్పుకున్న మాట. గ్రూపులో మావయ్య కూడా ఉంటాడు. గెల పురమాయించడం కూడా కుర్రాడికి చెప్పిన పనే. ఈ రెండూ గ్రూపుకి వెళ్లకూడదు. "తెస్తాడంట" మాత్రం అలాగే ఉండాలి. దాన్ని "తెస్తాడు" అని దిద్దితే, ఎవరో చెప్పగా విన్న మాటకి పెద్దమ్మ పూచీ పడ్డట్టవుతుంది. చక్కగా రాద్దామన్న ఉత్సాహంలో ఎక్కువమంది పొరబడేది ఇలాంటి చిన్న ముక్కల దగ్గరే.

అన్నిటికన్నా పెద్ద చెరుపు శుభలేఖ భాష. "గృహప్రవేశ మహోత్సవమునకు విచ్చేయవలసినదిగా కోరుచున్నాము" అని రాస్తే సమాచారం చేరుతుంది, పెద్దమ్మ మాయమవుతుంది. "అంత పొద్దున్నే ఎక్కణ్ణుంచి పరిగెత్తుకొస్తారు" అన్నది సాగదీత కాదు. ముందురోజే రమ్మనడానికి కారణం అదే, ఆవిడ ఆపేక్షా అదే. నా లెక్కలో ఆ నోట్ మొత్తంలో ముట్టుకోకూడని వాక్యం అది. స్వెట్టర్ల మాటా అంతే. చివరికి సందేశం ఇలా తేలుతుంది:

"పెద్దమ్మ అందరికీ చెప్పమంది: మన చిన్నోడి గృహప్రవేశం బుధవారం కాదు. బుధవారం తెల్లవారితే గురువారం, తెల్లవారుజామున నాలుగున్నరకి. అంత పొద్దున్నే ఎక్కణ్ణుంచి పరిగెత్తుకొస్తారు, బుధవారం రాత్రికే వచ్చెయ్యండి. అరటి గెలలు మావయ్య తెస్తాడంట. పిల్లలకి స్వెట్టర్లు తెచ్చుకోండి, కాలవ గట్టు కదా, చలి."

వారం, వేళ ముందుకొచ్చాయి, మిగిలినవి ఆవిడ చెప్పిన వరసలోనే ఉన్నాయి. ఆవిడ అననిది ఏదీ చేరలేదు. "తెమ్మను" అన్నది "తెచ్చుకోండి" అయింది, వినేవాళ్లు మారారు కాబట్టి. వారం చెప్పే తీరు మారింది, అయోమయం పోవాలి కాబట్టి.

పంపే ముందు దీన్ని ఫోన్‌లో ఆవిడకే చదివి వినిపించండి. "నేనలా అన్లేదే" అన్న చోట వాదించకుండా ఆవిడ మాటే పెట్టండి. గృహప్రవేశం అయ్యేదాకా ఆ వాయిస్ నోట్‌ను ఫోన్‌లోంచి తీసేయకండి.