చేయెత్తితే చేయెత్తే రోబో

ల్యాప్‌టాప్ ముందు నిలబడి మీరు చేయెత్తితే, పక్కన బల్ల మీదున్న బుల్లి రోబో కూడా చేయెత్తుతుంది. మీరు మోచేయి మడిస్తే అదీ మడుస్తుంది. ఒంటికి సెన్సర్లు కట్టుకోనక్కర్లేదు, చేతికి తొడుగులూ అక్కర్లేదు. మామూలు వెబ్‌క్యామ్, ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. చూసేవాళ్లకు కెమెరా మనిషిని గుర్తుపట్టడమే గొప్పగా అనిపిస్తుంది. నిజానికి ఈరోజు అది తేలికైన భాగం. చూసినదాన్ని రోబో కీళ్లకు పనికొచ్చే లెక్కగా మార్చడంలోనే అసలు కష్టమంతా ఉంది.

ఈ ప్రయోగాలకు విశ్వవిద్యాలయాల్లో బాగా వాడిన రోబో నావో. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్డెబరాన్ సంస్థ దీన్ని రూపొందించింది. ఎత్తు 58 సెంటీమీటర్లు. ఒక్కో చేతిలో భుజం దగ్గర రెండు మోటార్లు, మోచేతి దగ్గర రెండు, మణికట్టు దగ్గర ఒకటి ఉంటాయి. మణికట్టు మెలికను వెబ్‌క్యామ్ నమ్మకంగా చెప్పలేదు కాబట్టి దాన్ని పక్కన పెడితే, చేతికి నాలుగు కోణాలు కనుక్కుంటే సరిపోతుంది.

కొలతలు కాదు, కోణాలు

కెమెరా వైపు పనిని గూగుల్ వారి మీడియాపైప్ లాంటి సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. వీడియోలోని ప్రతి ఫ్రేమ్‌లో అది మనిషి ఒంటి మీద 33 బిందువులను గుర్తిస్తుంది. చేతుల కోసం మనకు ముఖ్యంగా కావలసినవి ఆరు: రెండు భుజాలు, రెండు మోచేతులు, రెండు మణికట్లు. ఒక్కో బిందువుకూ అడ్డం, నిలువు, లోతు అని మూడు సంఖ్యలు వస్తాయి. ఆ బిందువు ఎంత స్పష్టంగా కనిపిస్తోందో చెప్పే నాలుగో సంఖ్య కూడా వస్తుంది. అది సున్నాకూ ఒకటికీ మధ్య ఉంటుంది.

ఈ స్థానాలను నేరుగా రోబోకు పంపితే పని జరగదు. మన భుజం నుంచి మోచేతికి సుమారు 28 సెంటీమీటర్లుంటే, నావోకు పదిన్నరే. మన మణికట్టు ఉన్న చోటుకు దాని మణికట్టు అందదు. కానీ మోచేయి ఎంత వంగిందన్నది చేయి పొడవుతో సంబంధం లేని విషయం. అందుకే స్థానాలను వదిలేసి కోణాలను పంపుతారు.

మోచేతి లెక్క అన్నింటికన్నా సులువు. భుజం నుంచి మోచేతికి ఒక గీత, మోచేతి నుంచి మణికట్టుకు ఇంకో గీత అనుకుంటే, ఆ రెంటి మధ్య కోణమే మోచేతి వంపు. ఇంటర్మీడియట్‌లో సదిశల పాఠం చదివినవాళ్లకు తెలిసిన డాట్ ప్రాడక్టే ఇక్కడా పనిచేస్తుంది. మీరు ఎడమ చేతిని పక్కకు చాపి, ముంజేతిని నిటారుగా పైకి నిలబెట్టారనుకుందాం. లెక్క 90 డిగ్రీలని చెబుతుంది. నావో మోచేయి మాత్రం 88.5 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఒకటిన్నర డిగ్రీ తేడాను ఎవరూ గమనించరు. అదే మీరు చేయి మడిచి మీ భుజాన్ని తాకితే వంపు 140 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు రోబో చేయి సగం మడిచి ఊరుకున్నట్టు కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదు, ఆ కీలు అంతకన్నా వంగదు. ప్రతి కోణాన్నీ పంపేముందు రోబో హద్దులతో సరిచూసి, మించితే హద్దు దగ్గరే ఆపాలి.

బార చాపితే తిప్పలు

భుజం లెక్క ఇంత సాఫీగా ఉండదు. నావో భుజంలో ఒక మోటారు చేతిని ముందునుంచి పైకీ కిందికీ తిప్పుతుంది. రెండోది ఒంటికి దూరంగా పక్కకు తెరుస్తుంది. చేయి మీ ముందు ఉన్నంతవరకు రెండు కోణాలూ చక్కగా వస్తాయి. చేతిని పూర్తిగా పక్కకు బార చాపినప్పుడే చిక్కు వస్తుంది.

అంకెల్లో చూద్దాం. మోచేయి భుజానికి 28 సెంటీమీటర్లు పక్కన, ఒక సెంటీమీటరు ముందుకు, ఒక సెంటీమీటరు పైకి ఉన్నట్టు ఒక ఫ్రేమ్ చెప్పింది. మొదటి మోటారు 45 డిగ్రీలు పైకి తిరగాలని లెక్క వస్తుంది. తర్వాతి ఫ్రేమ్‌లో బిందువు కాస్త జారి, ఒక సెంటీమీటరు పైకి బదులు ఒక సెంటీమీటరు కిందికి పడింది. ఇప్పుడు 45 డిగ్రీలు కిందికి తిరగాలి. మనిషి చేయి కదలనే లేదు. బిందువు తేడా రెండు సెంటీమీటర్లే. రోబో భుజానికి మాత్రం 90 డిగ్రీలు, అంటే పావు చుట్టు తిరగమని ఆదేశం వెళ్లింది.

దీనికి కారణం ఆ స్థితిలో మొదటి మోటారు కోణానికి అర్థమే లేకపోవడం. చేయి సరిగ్గా పక్కకు ఉంటే అది ఎంత తిరిగినా చేయి అటే చూపిస్తుంది. ఉన్న కొద్దిపాటి ముందు వెనుకల తేడా నుంచే లెక్క కోణాన్ని తీస్తుంది కాబట్టి, బిందువుల వణుకే కోణంగా బయటికొస్తుంది. పైగా నావో చేయి పక్కకు 76 డిగ్రీలకు మించి తెరుచుకోదు. అందువల్ల ఆ అనవసరపు తిరుగుడు దాని మోచేతి దగ్గర కంటికి కనిపిస్తుంది కూడా. పక్కకు తెరిచిన కోణం 70 డిగ్రీలు దాటగానే మొదటి మోటారును పాత విలువ దగ్గరే నిలిపి ఉంచడం ఒక మంచి ఉపాయం. చేయి మళ్లీ ముందుకొచ్చాక దాన్ని ఒక్క ఉదుటున కాకుండా కొద్దికొద్దిగా కొత్త విలువకు తేవాలి.

ఒంటికన్ను కెమెరా

ఒక్క కెమెరాకు లోతు నేరుగా తెలియదు. శిక్షణలో నేర్చుకున్న మనుషుల భంగిమలను బట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని ఊహిస్తుంది. ఆ ఊహ ఎందుకు తడబడుతుందో లెక్కలోనే ఉంది. పక్కకు చాపిన చేతిని 20 డిగ్రీలు ముందుకు జరిపితే, బొమ్మలో 28 సెంటీమీటర్ల భాగం 26.3గా కనిపిస్తుంది. 20 డిగ్రీలు వెనక్కి జరిపినా అంతే. రెండు సెంటీమీటర్లకన్నా తక్కువ తేడా నుంచి, అది ముందో వెనకో కూడా తెలియకుండా, కోణం చెప్పాలన్నమాట. అందుకే కెమెరాకు ఎదురుగా పైకీ కిందికీ, పక్కకీ చేసే కదలికలను రోబో బాగా అనుకరిస్తుంది. కెమెరా వైపు గుద్దినట్టు చేయి చాపితే తికమక పడుతుంది. మోచేయి మణికట్టు వెనక దాక్కుంటే ఆ నాలుగో సంఖ్య పడిపోతుంది. అది సగానికన్నా తగ్గితే కొత్త కోణం పంపకుండా రోబోను ఉన్నచోటే ఆపడం మేలు.

వణుకా, ఆలస్యమా

మీరు కదలకుండా నిలబడ్డా బిందువులు కాస్త కదులుతూనే ఉంటాయి. చివరి ఐదు ఫ్రేముల సగటు తీస్తే వణుకు తగ్గుతుంది. కానీ సెకనుకు 30 ఫ్రేములిచ్చే కెమెరాతో ఆ సగటు రెండు ఫ్రేములు, అంటే సెకనులో పదిహేనో వంతు, వెనకబడుతుంది. కెమెరా ఆలస్యం, మోటార్ల ఆలస్యం దీనికి తోడవుతాయి. 2012లో వచ్చిన వన్ యూరో ఫిల్టర్ ఇక్కడ బాగా ఉపకరిస్తుంది. చేయి నెమ్మదిగా ఉన్నప్పుడు అది గట్టిగా నునుపు చేస్తుంది, వేగంగా కదిలినప్పుడు పట్టు సడలిస్తుంది. వణుకు మనకు కనబడేది చేయి నిలకడగా ఉన్నప్పుడే, ఆలస్యం తెలిసేది చేయి వేగంగా కదిలినప్పుడే. అందుకే ఈ బేరం కుదురుతుంది.

రోబో తప్పుగా కదిలితే ముందు తెర మీద గీసిన అస్థిపంజరం బొమ్మను చూడాలి. బొమ్మే వణుకుతుంటే లోపం వెలుతురులోనో, దుస్తుల్లోనో, కెమెరా ఉన్న దూరంలోనో ఉంది. బొమ్మ సరిగ్గా ఉండి రోబో ఒక్కటే తప్పితే లోపం కోణాల లెక్కలో ఉంది. రెండూ సరిగ్గా ఉండి రోబో వెనకబడుతుంటే ఫిల్టర్‌ను సవరించాలి. మొదటిసారి ప్రయత్నించేవాళ్లు నావోను కూర్చోబెట్టి, మోటార్ల వేగం తగ్గించి, ఒక్క మోచేతితో మొదలుపెట్టడం మంచిది. లెక్క తప్పి చేయి విసురుగా ఊగినా అది తూలి బల్ల మీదనుంచి పడిపోదు.