మూత్రంలో చిక్కిన ఆస్పిరిన్

ఆస్పిరిన్ మోతాదు మించి ఒంట్లో చేరితే దానికి ప్రత్యేకంగా విరుగుడు మందంటూ లేదు. ఆసుపత్రిలో నరం ద్వారా ఎక్కించేది సోడియం బైకార్బొనేట్, అంటే మన వంటింట్లోని తినేసోడాలో ఉండే పదార్థమే. అది ఆస్పిరిన్‌ను విరగ్గొట్టదు, దాని ప్రభావాన్ని ఆపదు. మూత్రం పీహెచ్‌ను 5 నుంచి 8 దగ్గరికి జరుపుతుంది, అంతే. ఆ కాస్త మార్పుకే కిడ్నీలు ఆ మందును పది నుంచి ఇరవై రెట్లు ఎక్కువగా బయటికి పంపుతాయి.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే మందు అణువు రెండు వేషాల్లో ఉంటుందని ముందు గుర్తుపెట్టుకోవాలి. ఆస్పిరిన్ బలహీనమైన ఆమ్లం. తన హైడ్రోజన్‌ను పట్టుకుని ఉన్నంతసేపూ దానికి విద్యుదావేశం ఉండదు. వదిలేస్తే రుణావేశం ఉన్న అయాన్ అవుతుంది. మన కణాల చుట్టూ ఉండే పొర ప్రధానంగా కొవ్వు. ఆవేశం లేని రూపం ఆ కొవ్వులో కరిగి అవతలికి దాటిపోతుంది. అయాన్ మాత్రం నీళ్లను వదిలి కొవ్వులోకి దిగలేదు, ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది.

ఏ రూపం ఎంత ఉంటుందన్నది రెండు అంకెల మీద ఆధారపడుతుంది. ఒకటి చుట్టూ ఉన్న ద్రవం పీహెచ్. రెండోది మందు స్వభావాన్ని చెప్పే పీకేఏ. రెండూ సమానమైనచోట సగం అణువులు అయాన్లుగా, సగం మామూలుగా ఉంటాయి. ఆమ్ల మందు విషయంలో పీహెచ్ అక్కణ్నుంచి ఒక్క అంకె పెరిగితే మామూలు అణువు ఒక్కదానికి పది అయాన్లు ఉంటాయి. రెండు అంకెలు పెరిగితే వంద, మూడైతే వెయ్యి. 1957లో అమెరికాలో షోర్, బ్రాడీ, హాగ్‌బెన్ అనే ముగ్గురు కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఈ లెక్క కళ్లకు కట్టింది. క్షార స్వభావం ఉన్న మందును నరంలోకి ఎక్కిస్తే, అది రక్తంలోంచి జీర్ణాశయపు ఆమ్లంలోకి వచ్చి అక్కడే పోగుపడింది. ఆమ్లంలో అయాన్‌గా మారి, వచ్చిన దారిన వెనక్కి పోలేకపోయింది.

ఆస్పిరిన్ పీకేఏ సుమారు 3.5. జీర్ణాశయం పీహెచ్ 1.5 ఉంటే అక్కడ నూటికి తొంభైతొమ్మిది అణువులు ఆవేశం లేకుండా, పొర దాటడానికి సిద్ధంగా ఉంటాయి. చిన్నపేగులో పీహెచ్ 6 అనుకుంటే మూడు వందల్లో ఒక్కటి మాత్రమే అలా ఉంటుంది. ఈ లెక్క ప్రకారం ఆస్పిరిన్ అంతా జీర్ణాశయంలోనే ఒంటికి పట్టాలి. కానీ ఎక్కువ భాగం పట్టేది చిన్నపేగులోనే. పేగు లోపలి ముడతలు, వాటి మీద వేలికొనల్లాంటి నూగు కలిసి అపారమైన వైశాల్యాన్ని ఇస్తాయి. పైగా దాటిన ప్రతి అణువును రక్తం వెంటనే తీసుకుపోతుంది, ఖాళీ అయిన చోటును భర్తీ చేస్తూ అయాన్లలోంచి కొత్త అణువు పుడుతుంది. పీకేఏ లెక్క అణువు దాటగలదా లేదా అన్నది చెబుతుందే తప్ప, దాటడానికి ఎంత చోటుందో చెప్పదు. పాఠాల్లో ఈ రెండో సగం తరచూ వదిలేస్తారు. జీర్ణాశయపు గోడకు ఆస్పిరిన్ చేసే హానిలోనూ ఇదే కీలకం ఉంది. ఆమ్లంలోంచి గోడ కణాల్లోకి సులువుగా దూరిన అణువు, లోపల పీహెచ్ 7 దగ్గర అయాన్ అయి అక్కడే పేరుకుపోతుంది.

రక్తంలోకి వచ్చిన ఆస్పిరిన్ త్వరగానే సాలిసిలేట్‌గా మారుతుంది. దాని పీకేఏ సుమారు 3. మామూలు మోతాదులో కాలేయమే దీన్ని చాలావరకు మార్చి పంపించేస్తుంది. మోతాదు మించితే కాలేయానికి ఆ పని చేసే శక్తి నిండిపోతుంది, భారమంతా కిడ్నీ మీద పడుతుంది. అక్కడ వడకట్టిన ద్రవం నాళికల్లో ప్రయాణిస్తూ నీటిని కోల్పోయి చిక్కబడుతుంది. మూత్రం పీహెచ్ 5 ఉంటే నూటికి ఒక అణువు ఆవేశం లేకుండా ఉంటుంది. ఒక్కటే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్కటి రక్తంలోకి జారిపోగానే ఇంకొకటి దాని స్థానంలోకి వస్తుంది. అలా కిడ్నీ వడకట్టిన మందులో చాలాభాగం తిరిగి ఒంట్లోకే చేరుతుంది. పీహెచ్ 8 చేస్తే అలాంటి అణువు లక్షకు ఒక్కటి. వెనక్కి పోయే దారి దాదాపు మూసుకున్నట్టే. లెక్కలో వెయ్యి రెట్లు కనిపించినా విసర్జన పది ఇరవై రెట్లే పెరగడానికి కారణం, నాళికలోకి వచ్చినదానికంటే ఎక్కువ బయటికి పోలేకపోవడం.

అరవై కిలోల మనిషిని ఊహించుకుందాం. చెవుల్లో హోరు, వాంతులు, చెమటలు, ఆగకుండా వేగంగా ఊపిరి. రక్తంలో సాలిసిలేట్ డెసిలీటరుకు 60 మిల్లీగ్రాములు. రక్తం పీహెచ్ 7.45. చూడ్డానికి బాగానే ఉంది, కానీ అది ఊపిరితో తెచ్చుకున్న అంకె. బైకార్బొనేట్ 15కి పడిపోయింది, అంటే లోపల ఆమ్లం పెరుగుతోంది. మూత్రం పీహెచ్ 5.5, పొటాషియం 3.2. ముందు నరంలోకి కొంత బైకార్బొనేట్ ఇచ్చి, తర్వాత లీటరు డెక్స్ట్రోజ్‌లో 150 మిల్లీఈక్వివలెంట్లు కలిపి ఎక్కించడం మొదలుపెడతారు. మూత్రం పీహెచ్ గంటగంటకూ చూస్తారు. మూడు గంటలైనా అది 6 దాటదు.

ఇక్కడ బైకార్బొనేట్ పెంచేయాలని అనిపించడం సహజం. అసలు అడ్డు పొటాషియం. అది తగ్గినప్పుడు కిడ్నీ పొటాషియంను దాచుకోవడానికి హైడ్రోజన్‌ను మూత్రంలోకి తోసేస్తుంది. ఎంత సోడా ఇచ్చినా మూత్రం ఆమ్లంగానే ఉంటుంది. బైకార్బొనేట్ వల్ల పొటాషియం ఇంకా పడిపోతుంది కూడా. అందుకే పొటాషియం కలిపి ఇస్తారు. అది సర్దుకున్నాక మూత్రం 7.5 దాటుతుంది, రెండు గంటలకోసారి చేసే పరీక్షల్లో సాలిసిలేట్ దిగడం కనిపిస్తుంది. రక్తం పీహెచ్ మాత్రం 7.55 దాటనివ్వరు. ఒకప్పుడు సెలైన్ విపరీతంగా ఎక్కించి మూత్రం ధారగా పోయేలా చేసేవారు. 1982లో ప్రెస్కాట్ బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రెండు పద్ధతులనూ పోల్చి, పనిచేసేది క్షారమే తప్ప నీటి వరద కాదని చూపింది. ఆ వరదతో ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదమూ ఉంది.

బైకార్బొనేట్ చేసే మరో మేలు మెదడుకు. రక్తం పీహెచ్ 7.4 నుంచి 7.1కి పడితే పొర దాటగల సాలిసిలేట్ రెట్టింపవుతుంది, మెదడులోకి చొరబడుతుంది. ఆయాసంగా ఉందని నిద్రమందు ఇచ్చి, ఊపిరి నెమ్మదించేలా చేస్తే రక్తం గబగబా ఆమ్లం వైపు జారుతుంది. రోగి క్షణాల్లో కుప్పకూలవచ్చు. అదే కారణంగా, మూత్రాన్ని క్షారం చేసినా రక్తాన్ని ఆమ్లం చేసే అసిటజోలమైడ్ ఇక్కడ పనికిరాదు. ఇంట్లో తినేసోడా నీళ్లు తాగించడమూ తప్పే, కడుపులోని మాత్రలు త్వరగా కరిగి ఇంకా ఎక్కువ ఒంటికి పట్టవచ్చు. నొప్పి బామ్‌లలో వాడే వింటర్‌గ్రీన్ నూనె కూడా సాలిసిలేటే. టీస్పూను నూనె సుమారు ఏడు గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం, చిన్నపిల్లలకు ప్రాణాంతకం. మింగారని తెలిస్తే లక్షణాల కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ చికిత్స ఆమ్ల మందులన్నిటికీ నప్పదు. ఇబుప్రొఫెన్, వాల్ప్రోయేట్ కూడా బలహీన ఆమ్లాలే. కానీ అవి రక్తంలో ప్రోటీన్లకు గట్టిగా అతుక్కుంటాయి, కాలేయంలోనే చాలావరకు మారిపోతాయి. మూత్రంలోకి వచ్చేదే కొంచెం, దాన్ని పట్టి ప్రయోజనం లేదు. ఫినోబార్బిటాల్ విషయంలో పదేపదే ఇచ్చే బొగ్గుపొడి ఇంతకన్నా మెరుగ్గా పనిచేస్తుంది. మన పొలాల్లో కలుపు మీద కొట్టే 2,4-డీ మాత్రం బలహీన ఆమ్లం, ఎక్కువగా మార్పు లేకుండానే మూత్రంలో పోతుంది. అది మింగి విషమించిన సందర్భాల్లో ఈ పద్ధతినే, మూత్రం ధార కూడా ఎక్కువగా ఉండేలా చూస్తూ వాడతారు. సాలిసిలేట్ 100 మిల్లీగ్రాములు దాటినా, రోగి మగతలోకి జారినా, కిడ్నీలు చేతులెత్తేసినా బైకార్బొనేట్ మీద భారం వేసి కూర్చోరు, డయాలిసిస్ మొదలుపెడతారు.