సొట్ట పడ్డ బంపర్: క్లెయిమ్ చేయాలా, వద్దా?

సిగ్నల్ దగ్గర వెనక బండి తగిలి బంపర్ సొట్టపోయింది. కారు పక్కకు తీసేలోపే ఫొటోలు తీయండి. సొట్ట ఒక్కటే దగ్గరగా తీస్తే చాలదు. నంబర్ ప్లేటు, దెబ్బ రెండూ ఒకే ఫ్రేములో పడాలి. గుద్దిన బండి నంబరు కూడా తీసుకోండి.

క్లెయిమ్ చేయాలనుకుంటే వెంటనే బీమా కంపెనీకి చెప్పండి. ఆర్సీ, లైసెన్స్, పాలసీ కాగితం సిద్ధంగా పెట్టుకోండి. సర్వేయర్ చూడకముందే రిపేరు చేయిస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

అయితే ముందు లెక్క చూసుకోండి. బిల్లు రూ.5,000 అనుకుందాం: బంపర్ రూ.3,000, కూలి, పెయింటు రూ.2,000. జీరో డిప్రిసియేషన్ లేకపోతే ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు, రూ.1,500 పోయింది. చిన్న కారుకు తప్పనిసరి కోత రూ.1,000. పెయింటులోనూ కొంత తగ్గుతుంది. చేతికొచ్చేది సుమారు రూ.2,250.

క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ మామూలుగా సున్నా అవుతుంది. సొంత నష్టం ప్రీమియం రూ.8,000 ఉండి, వచ్చే ఏడు 35 శాతం రాయితీ రావాల్సి ఉంటే, పోయేది రూ.2,800. ఇలాంటి చిన్న దెబ్బకు సొంత డబ్బు పెట్టుకోవడమే మేలు. డోరు, ల్యాంపు కూడా పోతే క్లెయిమే దారి.