పక్క బిట్లను కదపకుండా

ఆర్డుయినో ఊనో బోర్డు మీద కొన్ని ఎల్‌ఈడీలు వెలుగుతున్నాయి. వాటి జోలికి పోకుండా ఇంకొకటి వెలిగించాలి. ఈ ల్యాబ్ అభ్యాసం చూడటానికి చాలా చిన్నది. బోర్డులో 8 నుంచి 13 వరకు ఉన్న పిన్నులను `PORTB` అనే ఎనిమిది బిట్ల రిజిస్టర్ నడుపుతుంది. 8వ పిన్ను దాని 0వ బిట్, 13వ పిన్ను 5వ బిట్. పిన్నులన్నీ ముందే అవుట్‌పుట్‌గా పెట్టుకున్నాం అనుకుందాం.

ఇప్పుడు 8, 10 పిన్నుల ఎల్‌ఈడీలు వెలుగుతున్నాయి, అంటే రిజిస్టర్‌లో 00000101 ఉంది. 13వ పిన్ను కోసం `PORTB = 32` అని రాస్తే అది వెలుగుతుంది కానీ మిగతా రెండూ ఆరిపోతాయి. అందుకే ముందు మాస్క్ తయారుచేసుకుంటాం. `1 << 5` అంటే 1ని ఐదు స్థానాలు ఎడమకు జరపడం. 00100000 వస్తుంది. మనకు కావలసిన చోట మాత్రమే 1, మిగతా అంతా 0.

```
PORTB |= (1 << 5);
PORTB &= ~(1 << 2);
PORTB ^= (1 << 0);
```

మొదటి వరుస 5వ బిట్‌ను 1 చేస్తుంది, రిజిస్టర్ 00100101 అవుతుంది. రెండో వరుసలో `~` గుర్తు మాస్క్‌ను తిరగేసి 11111011 చేస్తుంది. దానితో `&` చేస్తే 0 ఉన్న చోట బిట్ చెరిగిపోతుంది, 1 ఉన్న చోట పాతదే నిలుస్తుంది. ఫలితం 00100001, అంటే 10వ పిన్ను ఆరింది. మూడోది 0వ బిట్ ఎలా ఉంటే దానికి వ్యతిరేకంగా మారుస్తుంది. 1 కాబట్టి 0 అయి, 00100000 మిగులుతుంది.

అసలు చిక్కు `|` బదులు `+` రాసినప్పుడు వస్తుంది. 5కి 32 కలిపినా 37 వస్తుంది, ఎల్‌ఈడీ చక్కగా వెలుగుతుంది. విద్యార్థి రికార్డు రాసేసుకుంటాడు. అదే వరుస రెండోసారి నడిస్తే 37కి 32 కలిసి 69 అవుతుంది, అంటే 01000101. అంకె పక్క స్థానానికి పొంగి 5వ బిట్ 0 అయింది, 6వది 1 అయింది. ఊనోలో 6వ బిట్ క్రిస్టల్‌కు పోతుంది, అక్కడ ఎల్‌ఈడీ ఉండదు. అందువల్ల కంటికి కనిపించేది 13వ పిన్ను ఆరిపోవడం ఒక్కటే. `|` అయితే ఎన్నిసార్లు నడిపినా ఫలితం మారదు. ఆర్పడానికి `^` వాడితే కూడా ఇలాంటి మోసమే: వెలుగుతుంటే ఆరుతుంది, ఆరి ఉంటే వెలుగుతుంది. ప్రతి వరుసనూ వెంటవెంటనే రెండుసార్లు నడిపి చూస్తే ఈ రెండు తప్పులూ బయటపడతాయి. ల్యాబ్‌లో ఈ పరీక్షను తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం.

ఎనిమిది బిట్లు దాటి పెద్ద సంఖ్యలకు వెళ్తే మరో జాగ్రత్త అవసరం. ఈ చిప్‌లో మామూలు `int` 16 బిట్లదే. 32 బిట్ల చరరాశిలో 20వ బిట్ కోసం `1 << 20` రాస్తే ఆ 1 నిలవడానికి చోటే ఉండదు, మాస్క్ పనికిరాదు. అక్కడ `1UL << 20` అని రాయాలి.